ఆరు గంటల పెళ్లి నుంచి పది నిమిషాల ఫిల్మ్: ఎడిటింగ్ డైరీ

ఆదివారం: హార్డ్ డిస్క్ వచ్చింది

చెల్లెలి పెళ్లి వీడియో మొత్తం ఇవాళ చేతికొచ్చింది. తిరుచానూరు రోడ్డు పక్కన ఉన్న కల్యాణ మండపంలో, తెల్లవారుజామున 4 గంటల 38 నిమిషాలకు ముహూర్తం. వీడియో అన్న రెండు కెమెరాలు వాడాడు. ఒకటి మండపానికి ఎదురుగా స్టాండు మీద కదలకుండా ఆరు గంటలు నడిచింది. దీన్ని పెద్ద కెమెరా అంటాను. రెండోది చేత్తో పట్టుకుని తిరుగుతూ తీసింది, అది రెండుంపావు గంటలు ఉంది. ఇవి కాక బంధువుల ఫోన్లలోని ముక్కలు ఓ సంచెడు ఉన్నాయి. అంతా కలిపి దాదాపు 190 జీబీ.

చిన్నాన్న అడిగింది ఒక్కటే. "ఆరు గంటలు ఎవరూ కూర్చుని చూడరబ్బా. పది నిమిషాల్లో చెయ్యి. కానీ ముఖ్యమైన తంతు ఒక్కటి కూడా పోగూడదు." ఈ రెండు షరతులూ ఒకదానికొకటి అడ్డం తగులుతాయి. ఈ డైరీ అంతా ఆ అడ్డం గురించే.

మొదటి పని కాపీలు. అసలు డిస్కును తాకకుండా ఇంకో రెండు చోట్ల పెట్టాను. ఒకటి నా కంప్యూటర్లో, ఒకటి చిన్నాన్న ఇంట్లో బీరువాలో. ఫైళ్లను విడివిడిగా ఏరకుండా కార్డులో ఉన్న ఫోల్డర్లను ఉన్నట్టే కాపీ చేశాను. పెద్ద కెమెరా పొడవైన రికార్డింగును ముక్కలు ముక్కలుగా రాసుకుంటుంది. ఆ ఫోల్డర్ల అమరిక చెదిరితే ముక్కల మధ్య అతుకు సరిగ్గా కుదరకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్, ఉచిత వెర్షన్. ప్రాజెక్టు తెరవగానే ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య, 25 అని పెట్టాను. ఒకసారి వీడియోలు లోపలికి తెచ్చాక ఆ సంఖ్యను మార్చడానికి రిజాల్వ్ ఒప్పుకోదు, అందుకే ముందే తేల్చుకోవాలి. పెద్ద కెమెరా 25లో ఉంది, చేతి కెమెరా 50లో ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపం లైట్ల కింద 25, 50 రెండింట్లోనూ వెలుతురు మినుకుమినుకుమనే ఇబ్బంది తక్కువ. 50లో తీసిన దాన్ని 25లో పరిస్తే సగం వేగంతో మెత్తటి స్లో మోషన్ కూడా వస్తుంది.

సోమవారం రాత్రి: పది నిమిషాలను పంచడం

ఒక్క ముక్క కూడా కోయకముందే కాగితం మీద సెకన్లు పంచాను. మొత్తం 600. తంతుకు ఇంత అని అన్నిటికీ సమానంగా పంచితే అది పెళ్లి ఫిల్మ్ కాదు, పెళ్లి పట్టిక అవుతుంది. ఏ తంతు నిజంగా ఎంతసేపు జరిగిందన్నదీ లెక్కలోకి రాదు. హోమం దగ్గర గంట గడిచింది, తాళి కట్టడం నిమిషంలోపు అయిపోయింది. కానీ చూసేవాళ్లు వచ్చేది ఆ నిమిషం కోసమే.

చివరికి తేలింది ఇది. మొదట్లో మండపం, గౌరీ పూజ, కాశీయాత్రల తునకలు కలిపి 50 సెకన్లు. ఎదురుకోలుకు 40. కాళ్లు కడగడం, కన్యాదానం, నాతిచరామి కలిపి 75. అడ్డుతెర, జీలకర్ర బెల్లంకు 110. మాంగల్యధారణకు 100. తలంబ్రాలకు 60. బ్రహ్మముడి, సప్తపదికి 75. అరుంధతికి 20. అప్పగింతలకు 60. మిగిలిన పది సెకన్లు ముగింపుకు. స్నాతకానికి ఒక్క సెకను కూడా లేదు. చిన్నాన్న కాసేపు ఆలోచించి, "అది పెద్ద వీడియోలో ఉంటాది గదా" అని ఒప్పుకున్నాడు.

ఇందులో మూడో వంతుకు పైగా రెండే తంతులకు పోయింది. అది కావాలనే. తెలుగు పెళ్లిలో ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. పంచాంగంలో లెక్క కట్టిన నిమిషం అదే. ఆ తర్వాత తాళి. మిగతా తంతులను కుదించినా వాటి అర్థం నిలుస్తుంది, ఈ రెంటినీ కుదిస్తే నిలవదు.

రాత్రి పురోహితులకు ఫోన్ చేశాను. "అయ్యా, ఆ రోజు మీరు చేయించిన వరస ఒకసారి చెప్తారా?" అని అడిగితే ఓపిగ్గా మొదటి నుంచి చెప్పారు. ఇంటింటికీ, సంప్రదాయానికీ వరస కొంచెం మారుతుంది కాబట్టి పుస్తకంలో చూసి సరిపెట్టుకుంటే కుదరదు. అందంగా ఉందని తలంబ్రాల షాటు ఒకటి తాళికి ముందు పడిందంటే పెద్దవాళ్లు అక్కడే పట్టేస్తారు. ఫిల్మ్ మొత్తం మీద వాళ్ల నమ్మకం అక్కడితో పోతుంది.

మంగళవారం: రెండు కెమెరాలను జత చేయడం

రెండు కెమెరాల గడియారాలూ ఒకటి కావు. కాబట్టి జత చేయాల్సింది శబ్దంతోనే. రిజాల్వ్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని `Create New Multicam Clip Using Selected Clips` నొక్కి, `Angle Sync` దగ్గర `Sound` ఇచ్చాను. పెద్ద కెమెరా ఆగకుండా నడిచింది కాబట్టి చేతి కెమెరా ముక్కలన్నీ దాని శబ్దం పక్కన తమ చోటు వెతుక్కున్నాయి.

అన్నీ సరిగ్గా కూర్చోలేదు. పది సెకన్ల కంటే చిన్న ముక్కల్లో కొన్ని తప్పు చోట పడ్డాయి. నాదస్వరం ఒకే తీరుగా సాగే చోట సాఫ్ట్‌వేర్‌కు ఏ సెకనైనా ఒకేలా వినిపిస్తుంది. దాన్ని పట్టుకునే దారి తేలికే. రెండు కెమెరాల శబ్దాన్నీ ఒకేసారి వినాలి. సరిగ్గా కూర్చుంటే ఒక్క గొంతులా వినిపిస్తుంది, తప్పితే బావిలో మాట్లాడినట్టు గొంతు రెండుసార్లు మోగుతుంది. అలాంటి చోట డోలు దెబ్బ పడే ఫ్రేమును రెండింట్లోనూ వెతికి చేత్తో జరిపాను.

అసలు తలనొప్పి ఫోన్ల దగ్గర వచ్చింది. ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో చూస్తే `Frame rate mode : Variable` అని ఉంది. చాలా ఫోన్లు వెలుతురును బట్టి, తమ మీద పడే భారాన్ని బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ పోతాయి. అలాంటి క్లిప్పు మొదట్లో సరిగ్గా కూర్చున్నట్టే ఉండి, నిమిషం తర్వాత పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. అందుకే వాడాలనుకున్న ఫోన్ క్లిప్పులను రిజాల్వ్‌లోకి తేకముందే ffmpeg అనే ప్రోగ్రాముతో స్థిరమైన 25కు మార్చాను:

```
ffmpeg -i phone.mp4 -vf fps=25 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le phone_25.mov
```

ఫోను 30లో తీసింది కాబట్టి 25కు దింపినప్పుడు కొన్ని ఫ్రేములు రాలిపోతాయి. ఫోను అటూ ఇటూ తిప్పిన చోట చిన్న కుదుపు కనిపిస్తుంది. చెయ్యి కదలకుండా పట్టుకున్న చోట తేడా తెలీదు. ఈ సంగతి తర్వాత పనికొచ్చింది.

గురువారం: ముందు శబ్దం

ఈ రోజు బొమ్మల జోలికి పోలేదు. ఆరు గంటల్లో ఏ మాటలు నిలవాలో వింటూ గుర్తులు పెట్టుకున్నాను.

సాధారణంగా చూసే హైలైట్ ఫిల్ముల్లో సినిమా పాట ఒకటి వేసి, దాని తాళానికి బొమ్మలు కోస్తారు. అక్కడ పెళ్లి నోరు మూసుకుంటుంది. మంత్రం వినపడదు, మేళం వినపడదు, వదిన పాడిన మంగళహారతి వినపడదు. పైగా ఆ పాట మీద హక్కు ఇంకొకరిది. యూట్యూబ్‌లో పెడితే వాళ్ల నుంచి క్లెయిము రావచ్చు, కొన్నిసార్లు వీడియోలో శబ్దమే తీసేయాల్సి వస్తుంది. అన్నమయ్య కీర్తన వేస్తే సరిపోతుందని మా బావ అన్నాడు. అన్నమయ్య 15వ శతాబ్దం మనిషి, కీర్తన మీద ఎవరి హక్కూ లేదు. కానీ ఇప్పటి గాయకులు పాడిన రికార్డింగు మీద హక్కు వేరుగా ఉంటుంది. మన మండపంలోనే నాదస్వరం, డోలు ముప్పావు గంట చక్కగా మోగాయి. ఇంకెక్కడి నుంచో సంగీతం తేవాల్సిన పనేముంది?

కాబట్టి ఫిల్మ్‌ను మూడు మాటల మీద నిలబెట్టాను. మొదటిది కన్యాదానం తర్వాత పెళ్లికొడుకు చెప్పిన "నాతిచరామి". ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను దాటిపోను అని పెళ్లికూతురికి ఇచ్చే మాట. పురోహితులు ఒక్కొక్క పదం చెప్పడం, అతను తిరిగి చెప్పడం కలిపి 21 సెకన్లు. ఇందులో ఒక్క అక్షరం కూడా కోయలేదు. రెండోది తాళి దగ్గర "మాంగల్యం తంతునానేన మమ జీవన హేతునా, కంఠే బధ్నామి సుభగే త్వం జీవ శరదాం శతం". మూడోది ఏడో అడుగు తర్వాత వచ్చే "సఖా సప్తపదా భవ".

ఈ మూడు చోట్లా శబ్దం ఎడతెగకుండా నడుస్తుంది. దాని పైన బొమ్మలను ఎన్నిసార్లు మార్చినా ఫరవాలేదు. మంత్రాన్ని మధ్యలో కోసి రెండు ముక్కలు అతికిస్తే, సంస్కృతం రానివాళ్లకు కూడా ఎక్కడో తట్టుకున్నట్టు తెలుస్తుంది. ఊపిరి తీసుకునే చోటు తప్పిపోతుంది. నిడివి తగ్గించాలంటే మంత్రం మొత్తం వదిలేయాలి, లేదా మొత్తం ఉంచాలి.

మిగతా చోట్ల వచ్చే తంతు శబ్దాన్ని ముందుగానే లోపలికి తెచ్చాను. కాళ్లు కడుగుతున్న బొమ్మ ఇంకా ఉండగానే కన్యాదానం సంకల్పం వినిపించడం మొదలవుతుంది. ఎడిటర్లు దీన్ని జె కట్ అంటారు. ఒక తంతు ముగిసి ఇంకోటి మొదలైందని చెప్పడానికి తెర మీద పేర్లు వేయాల్సిన అవసరం దీంతో తప్పింది.

శుక్రవారం, శనివారం: తాళి కట్టిన నిమిషం

ఈ ఒక్క నిమిషానికి రెండు సాయంత్రాలు పట్టాయి. కాబట్టి వివరంగా రాస్తాను.

పెద్ద కెమెరాలో చూస్తే, గట్టిమేళం మొదలైన మరుక్షణం ముందు వరసలో కూర్చున్నవాళ్లంతా అక్షింతలు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. ఆ తర్వాత అరనిమిషం వరకు వీపులూ ఫోన్లూ తప్ప ఏమీ కనపడవు. వీడియో అన్న తప్పు కాదిది, ఏ మండపంలోనైనా జరిగేదే. చేతి కెమెరా ఎడమ పక్కనుంచి తీసింది. అందులో మొదటి ముడి స్పష్టంగా ఉంది, రెండో ముడి సగం కనిపిస్తుంది. మూడో ముడికి పెళ్లికొడుకు మోచెయ్యి అడ్డం వచ్చింది. చూసేవాళ్లు మూడు ముళ్లూ లెక్కపెట్టుకుంటారు, నోటితో కాకపోయినా మనసులో. రెండు ముళ్లు చూపించి అక్షింతలకు దూకితే ఏదో తెగినట్టు ఉంటుంది.

మూడో ముడి మా మేనత్త కొడుకు ఫోనులో దొరికింది. వాడు పెళ్లికూతురి వెనకాల, జడ పట్టుకున్న ఆడపడుచు పక్కన నిలబడి తీశాడు. వేళ్లు, పసుపుతాడు, ముడి బిగియడం అంతా ఉంది. చిక్కేమిటంటే ఫోనును నిలువుగా పట్టుకున్నాడు. నిలువు బొమ్మను అడ్డంగా ఉండే ఫిల్ములో పెడితే రెండు పక్కలా నల్లగా ఖాళీ వస్తుంది. అదృష్టం కొద్దీ ఫోను 4కేలో తీసింది, అంటే 2160 వెడల్పు, 3840 ఎత్తు. అందులోంచి 16:9 ముక్క కోస్తే 2160 × 1215 మిగిలింది. నా ఫిల్మ్ 1920 × 1080 కాబట్టి ఒక్క చుక్క కూడా సాగదీయకుండా నిండిపోయింది. మామూలు 1080 వెడల్పుతో తీసి ఉంటే కోసిన ముక్క 1080 × 608 అయ్యేది. దాన్ని దాదాపు రెండింతలు సాగదీస్తే ముడి మసకబారేది. వాడు ఆ క్షణంలో ఫోను కదపలేదు కాబట్టి 30 నుంచి 25కు దింపిన కుదుపు కూడా కనపడలేదు.

ఇక శబ్దం. పెద్ద కెమెరా మైకు పురోహితుల గొంతుకు సరిపడేలా పెట్టి ఉంది. మంత్రం అందులో శుభ్రంగా ఉంది. గట్టిమేళం మొదలవగానే ఆ శబ్దం గీత పైనా కిందా కత్తితో కోసినట్టు చదునైపోయింది. మైకు పట్టగలిగిన దానికంటే ఎక్కువ శబ్దం వచ్చిందన్న గుర్తు అది. వింటే డోలు పగిలిన రేకులా ఉంటుంది. పోయిన ఆ భాగాన్ని తర్వాత ఎంత తగ్గించినా తిరిగి తేలేం. సౌండు తగ్గుతుంది కానీ పగులు పోదు. చేతి కెమెరాలో మైకు తక్కువ మీద ఉంది, పైగా మేళానికి దూరంగా ఉంది. అందులో మంత్రం సన్నగా వినిపిస్తుంది, మేళం మాత్రం నిండుగా ఉంది.

కాబట్టి మంత్రం వరకు పెద్ద కెమెరా శబ్దం, మేళానికి చేతి కెమెరా శబ్దం. ఒకదాని నుంచి ఇంకోదానికి మారే చోటే కష్టం. హాలు గాలి శబ్దం రెండింట్లో ఒకేలా ఉండదు, మారగానే చెవికి తెలిసిపోతుంది. "శరదాం శతం" అన్న మాట ముగిసి మొదటి డోలు దెబ్బ పడే ఫ్రేము దగ్గరే మార్చాను. ఆ దెబ్బ అతుకును కప్పేసింది. ఒక ఫ్రేము ముందు కోసినా వినిపిస్తోంది, అందుకే దెబ్బ మొదలయ్యే చోటును బాగా పెద్దది చేసి చూసి అక్కడే పెట్టాను.

నిడివి లెక్క ఇలా కుదిరింది. కొబ్బరికాయ మీద పెట్టిన తాళిని పళ్లెంలో పెద్దలందరి దగ్గరికీ తిప్పి ఆశీర్వాదం తీసుకోవడానికి 22 సెకన్లు అనుకున్నాను. మంత్రానికి 18. మేళం మొదలై మూడో ముడి పడేవరకు 35. తర్వాత అక్షింతలకు, ముఖాలకు 25. టైమ్‌లైన్ మీద చూస్తే మొదటి దెబ్బ నుంచి మూడో ముడి వరకు నిజంగా 41 సెకన్లు పట్టింది. అక్కడ శబ్దాన్ని కోయకూడదని ముందే అనుకున్నాను కాబట్టి 41 అలాగే ఉంచి, పళ్లెం తిప్పడాన్ని 16కు దించాను. వంద వందగానే నిలిచింది.

ఈ నిమిషంలో స్లో మోషన్ లేదు. శబ్దం అసలు వేగంలో నడుస్తుంటే చేతులు నీళ్లలో ఈదినట్టు కదిలితే రెండూ విడిపోతాయి. స్లో మోషన్‌ను తలంబ్రాల కోసం దాచుకున్నాను. అక్కడ నవ్వులూ మేళమే తప్ప మంత్రం లేదు. చేతి కెమెరా 50లో తీసింది కాబట్టి ముత్యాల్లా బియ్యం గాల్లో తేలడం బాగా వచ్చింది.

మంగళవారం: అడ్డుతెర

జీలకర్ర బెల్లం దగ్గర ఇబ్బంది ఇంకో రకం. ఇక్కడ చూడాల్సింది తెర, చేతులు, ఆ తర్వాత చూపులు. ఈ మూడూ వరసగా రాకపోతే ముహూర్తం అర్థం కాదు. ముందు మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తేవడం, తర్వాత తెరకు అటొకరు ఇటొకరు కూర్చోవడం, పురోహితులు గడియారం చూసుకోవడం. ఆ గడియారం చూపు 3 సెకన్లే ఉంది కానీ చూసేవాళ్లను పట్టి కూర్చోబెడుతుంది. తర్వాత ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టడం. ఇక్కడ చేతి కెమెరాను పూర్తిగా వదిలేసి పెద్ద కెమెరా ఒక్కదాన్నే 28 సెకన్లు కోత లేకుండా ఉంచాను. ఇద్దరి చేతులూ, తెరా, పెద్దలూ ఒకే బొమ్మలో కనిపించేది అందులోనే. ఎక్కువ కోతలు ఉంటే ఎవరి చెయ్యి ఎవరి తల మీద ఉందో తెలీదు.

ఈ చోటే చేతి కెమెరాలో ఇంకో లోపం కూడా బయటపడింది. వెనక ఎల్ఈడీ తెర ఉన్న కోణంలో నల్లటి పట్టీలు పైకి పాకుతున్నాయి. కెమెరా షట్టరుకు ఆ తెర వెలిగి ఆరే వేగం కలవలేదు. దీన్ని సరిచేసే డీఫ్లికర్ టూల్ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో లేదు, డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. కాబట్టి ఎల్ఈడీ తెర కనిపించే ముక్కలను పక్కన పెట్టి, మనుషులకు దగ్గరగా తీసిన వాటినే వాడాను.

గురువారం: మొదటి కూర్పు, తర్వాత కోత

ఎంచుకున్నవన్నీ వరసగా పేర్చితే 23 నిమిషాలు వచ్చింది. 14కు దించడం సులభంగానే అయింది. ఒకే విషయాన్ని రెండుసార్లు చూపించే షాట్లు, అలంకరణ, వంటశాల, అన్నీ తీసేశాను. స్లో మోషన్ షాటు ప్రతిదీ రెట్టింపు సమయం తింటుంది. తలంబ్రాల్లో మంచివి మూడు ఉంచి మిగతావి మామూలు వేగానికి మార్చగానే అక్కడే నిమిషానికి పైగా మిగిలింది.

14 నుంచి 10కి దిగడం కష్టమైంది. అక్కడ తీసేయదగ్గది ఏదీ లేదు, అన్నీ కావాల్సినవే. సప్తపదిని ఉదాహరణగా చెప్తాను. ఏడు అడుగులూ, ఏడు మంత్రాలూ కలిపితే రెండు నిమిషాలకు పైగా ఉంది. నాకున్నది 75 సెకన్లు, అందులో బ్రహ్మముడికి పది పోతాయి. అడుగులను వేగంగా పరిగెత్తిస్తే అపచారంగా అనిపించింది. చివరికి ప్రతి మంత్రంలో మొదటి పదాలను మాత్రం ఉంచాను. "ఏకమిషే", "ద్వే ఊర్జే", "త్రీణి వ్రతాయ", ఇలా ఏడు వరకు. వెంట వచ్చే "విష్ణుస్త్వాన్వేతు" మొదటి అడుగుకు వినిపించి, తర్వాత వాటికి మేళం కింద కలిపేశాను. మంత్రాన్ని మధ్యలో కోయకూడదన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు. ఇక్కడ అంకె వినిపించడం ముఖ్యం, అడుగు కనిపించడం ముఖ్యం. అంకె తర్వాత పురోహితులు ఎలాగూ ఒక్క క్షణం ఆగుతారు, కోత ఆ ఖాళీలో పడింది. ఏడో అడుగు తర్వాతి "సఖా సప్తపదా భవ" మాత్రం పూర్తిగా ఉంది.

అరుంధతి దర్శనం 20 సెకన్లను 12 చేశాను. హోమం ముగిసేసరికి తెల్లారిపోయింది. పురోహితులు వేలు చూపిస్తున్న ఆకాశంలో శేషాచలం కొండల మీద ఎండ తప్ప నక్షత్రం లేదు. సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కనే ఉండే ఆ చిన్న చుక్కను పగలు చూపించడం ఆచారం కోసమే, అందరికీ తెలుసు. అందుకే ఆకాశాన్ని వదిలి చెల్లెలు కళ్లు చిట్లించి నవ్వుతూ తలూపడాన్ని ఉంచాను.

శనివారం: రంగు, శబ్దం మట్టం

ముహూర్తం చీకట్లో, అప్పగింతలు ఎండలో. ఒకే చీర ముందు నారింజలా, తర్వాత నీలంగా కనిపిస్తోంది. మధుపర్కాల తెల్ల నూలు గుడ్డ ఇక్కడ ఆదుకుంది. రంగు సరిచేసే పేజీలో వైట్ బ్యాలెన్స్ పిక్కరుతో ఆ గుడ్డ మీద నొక్కితే మిగతా రంగులు దారికొచ్చాయి. పసుపు ముఖాల దగ్గర జాగ్రత్త పడాలి. కొంచెం పచ్చగా జరిగినా జబ్బు మనిషిలా కనిపిస్తారు. రంగులు ఎటు జరిగాయో చూపించే వెక్టర్‌స్కోప్‌లో చర్మం గీతను చూసుకుంటూ సర్దాను. హోమం పొగ షాట్లలో నలుపు తేలిపోయింది, అక్కడ కాస్త కాంట్రాస్టు పెంచాను తప్ప పొగను పోగొట్టాలని చూడలేదు.

శబ్దంలో మంత్రాన్ని పైకి తెచ్చాను కానీ మేళంతో సమానం చేయలేదు. రెండూ ఒకే మట్టంలో ఉంటే గట్టిమేళం వచ్చినప్పుడు ఒళ్లు ఝల్లుమనదు. మొత్తం సగటును శబ్దం గట్టిదనాన్ని కొలిచే LUFS లెక్కలో -15 దగ్గర నిలిపి, శిఖరం -1 దాటకుండా చూశాను. యూట్యూబ్ -14 కంటే గట్టిగా ఉన్నవాటిని తనే తగ్గిస్తుంది కాబట్టి ఇంకా పెంచినా లాభం లేదు. చివర్లో ఫోను స్పీకరులో విన్నాను. బంధువుల్లో ఎక్కువమంది వినబోయేది దాంట్లోనే.

ఆదివారం: చిన్నాన్న ఇంట్లో చూడడం

టీవీలో అందరం కలిసి చూశాం. చిన్నమ్మ నాతిచరామి దగ్గరే కళ్లు తుడుచుకుంది. అవ్వ మాత్రం అయిపోగానే అడిగింది, "మేనమామ బుట్టలో ఎత్తుకొచ్చింది ఏదిరా? బుట్ట కనపడింది గానీ వాని మొగం కనపళ్లే." నిజమే, ఆ షాటు 2 సెకన్లే ఉంది, అందులోనూ బుట్టే ఉంది. మేనమామ చేసిన పనికి సాక్ష్యం ఆయన ముఖమే కదా. బుట్ట దించి చెమట తుడుచుకుంటూ నవ్విన 6 సెకన్ల ముక్క పెట్టాను. ఆ 4 సెకన్లూ మొదట్లో ఉన్న కొండల షాటు నుంచి తీశాను.

చిన్నాన్న ఇంకో మాట అన్నాడు. పెళ్లయ్యాక కొత్త జంట శ్రీనివాస మంగాపురం వెళ్లి దండం పెట్టుకున్నారు, అది ఉండాలని. పెళ్లయ్యాక శ్రీనివాసుడు పద్మావతి అమ్మవారితో అక్కడే ఉన్నాడని నమ్మకం కాబట్టి మా వైపు చాలామంది కొత్త దంపతులు అక్కడికి వెళ్తారు. గుడి లోపల కెమెరా లేదు, గోపురం బయట నడుస్తున్న ముక్క ఒకటి వదిన ఫోనులో ఉంది. చివరి పది సెకన్లకు అదే సరిపోయింది. అరుంధతి దగ్గర మిగిల్చిన 8 సెకన్లను ఇంకెక్కడా కలపలేదు. కాబట్టి మొత్తం 9 నిమిషాల 52 సెకన్లు.

ఎగుమతి: 1080, 25 ఫ్రేములు, హెచ్.264, సెకనుకు 16 మెగాబిట్లు. ఫైలు 1.2 జీబీ వచ్చింది. పెన్‌డ్రైవులో టీవీకి సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నలిపేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే 2 జీబీ వరకు ఉన్నదున్నట్టు వెళ్తుంది కాబట్టి కుటుంబం గ్రూపులో అలాగే పెట్టాను. ఆరు గంటల పూర్తి వీడియోలో తంతు తంతుకూ సమయం రాసిన కాగితం ఒకటి తయారు చేసి హార్డ్ డిస్కుతో పాటు చిన్నాన్నకు ఇచ్చాను. స్నాతకం చూడాలంటే 1 గంట 12 నిమిషాల దగ్గర మొదలవుతుంది.